ఫర్నిచర్ షోరూముకు స్క్రోలింగా, పది సెకన్ల స్పాటా?

స్థానిక కేబుల్‌లో సినిమా నడుస్తుండగా తెర అడుగున జరిగే ప్రకటన అక్షరాలను, అంటే స్క్రోలింగ్‌ను, మొదటి నుంచి చదివేవారు అరుదు. చూపు మధ్యలో పడుతుంది. అందుకే స్క్రోలింగ్‌లో ప్రతి ముక్కా విడిగా అర్థం కావాలి. "మీ ఇంటికి కావలసిన అన్ని రకాల నాణ్యమైన ఫర్నిచర్ సరసమైన ధరలకు లభించును" అని రాస్తే, చిరునామా వచ్చేసరికి చూపు సినిమాలోకి వెళ్లిపోతుంది. నేనైతే ఇలా రాస్తాను: "టేకు మంచాలపై తగ్గింపు. ఆదివారం వరకే. పాత బస్టాండు ఎదురుగా." షోరూము పేరు ముందూ చివరా ఉండాలి. చిన్న అక్షరాల్లో ఒత్తులు కలిసిపోతాయి కాబట్టి తేలిక పదాలే మేలు.

స్పాటు అంటే మధ్యలో వచ్చే చిన్న వీడియో ప్రకటన. అందులో తొందర లేకుండా పలికితే పది సెకన్లకు ఇరవై మాటలు దాటవు. సోఫా, బీరువా, డైనింగ్ టేబుల్ అన్నీ చూపిస్తే ఏదీ గుర్తుండదు. ఒక్క మంచమే చూపాలి: 4 సెకన్లు చెక్క నునుపు, 3 సెకన్లు కింది సొరుగు తెరుచుకోవడం, చివరి 3 సెకన్లు కదలకుండా నిలిచిన పేరు, ఫోను నంబరు. కంటికి కనిపిస్తున్నదాన్ని గొంతు మళ్లీ చెప్పనక్కరలేదు. చోటు, గడువు చెబితే చాలు.

తగ్గింపు ప్రకటనకు స్క్రోలింగ్ సరిపోతుంది, తేదీ మార్చడమూ సులువు. కొత్త షోరూము తెరుస్తుంటే మాత్రం, చెక్క పనితనం అక్షరాల్లో కనిపించదు కనుక, నేను స్పాటునే ఎంచుకుంటాను.