108 మెగాపిక్సెలా, 50 మెగాపిక్సెలా: రెండు స్పెసిఫికేషన్ షీట్లు పక్కపక్కన పెడితే ఏది మేలు?

ఒకే ధర ఉన్న రెండు ఫోన్ల షీట్లు తీసుకుందాం. పేర్లతో పని లేదు కాబట్టి మొదటిది, రెండోది అనుకుందాం. మొదటిదాంట్లో 108 మెగాపిక్సెల్ కెమెరా, 16 జీబీ ర్యామ్, 6000 ఎంఏహెచ్ బ్యాటరీ అని పెద్దక్షరాల్లో ఉంది. రెండోదాంట్లో అవే చోట్ల 50, 8, 5000 ఉన్నాయి. ఈ మూడు అంకెలే చూస్తే మొదటిదే కొనాలనిపిస్తుంది. వాటి కింద చిన్నక్షరాల్లో ఏముందో కూడా చదవాలి.

ముందు కెమెరా. మొదటి ఫోన్ సెన్సర్ సైజు 1/1.67 అంగుళం, ఒక్కో పిక్సెల్ 0.64 మైక్రాన్. అంత చిన్న పిక్సెల్‌లో పడే వెలుతురు తక్కువ. అందుకే మామూలుగా ఫొటో తీసినప్పుడు ఫోన్ తొమ్మిది పిక్సెళ్లను ఒకటిగా కలిపేస్తుంది. 108ని 9తో భాగిస్తే 12. అంటే మన గ్యాలరీలోకి వచ్చేది 12 మెగాపిక్సెల్ ఫొటో. రెండో ఫోన్ సెన్సర్ 1/1.56 అంగుళం, పిక్సెల్ 1 మైక్రాన్. ఇది నాలుగింటిని కలుపుతుంది కాబట్టి 12.5 మెగాపిక్సెళ్లు వస్తాయి. సైజు భిన్నంలో రాస్తారు కాబట్టి కింద ఉన్న అంకె ఎంత చిన్నదైతే సెన్సర్ అంత పెద్దది. ఆ లెక్కన రెండోదే కాస్త పెద్దది. ఇక్కడిదాకా రెండూ దాదాపు సమానమే, 108 వల్ల ఒరిగిందేమీ లేదు.

తేడా తెచ్చేది OIS అనే మూడక్షరాలు. అవి రెండో షీట్‌లోనే ఉన్నాయి. చెయ్యి వణికితే లెన్స్ లేదా సెన్సర్ దానికి ఎదురుగా కదిలి సర్దుకుంటుందని దీని అర్థం. రాత్రిపూట షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి అప్పుడే దీని విలువ తెలుస్తుంది. EIS అని మాత్రమే ఉంటే అది సాఫ్ట్‌వేర్ సర్దుబాటు. వీడియోకి బాగానే పనికొస్తుంది, చీకట్లో అలుక్కుపోయిన ఫొటోని మాత్రం బాగుచేయలేదు. ఇక పక్కనున్న 2 మెగాపిక్సెల్ మాక్రో, 2 మెగాపిక్సెల్ డెప్త్ కెమెరాల గురించి ఆలోచించకండి, కెమెరాల లెక్క పెంచడానికే అవి.

16 జీబీ ర్యామ్ దగ్గర 8+8 అని చిన్నగా రాసుంది. రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అరువు తీసుకున్న చోటు. స్టోరేజీ ర్యామ్ కన్నా చాలా నెమ్మది. కాబట్టి ర్యామ్‌లో రెండూ 8 జీబీ ఫోన్లే.

ఆ స్టోరేజీ ఏ రకమన్నది చాలామంది చదవకుండా దాటేసే లైను. నా దృష్టిలో షీట్ మొత్తంలో ముఖ్యమైన లైను అదే. రెండూ 128 జీబీయే. కానీ మొదటిది eMMC 5.1, రెండోది UFS 2.2. మొదటి రకం ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. రెండో రకం రెండూ ఒకేసారి చేస్తుంది, వేగమూ బాగా ఎక్కువ. వెనకాల యాప్‌లు అప్‌డేట్ అవుతుంటే ఫోన్ పట్టుకుపోయినట్టు ఆగి ఆగి నడవడానికి తరచూ కారణం ఇదే. షీట్‌లో రకం రాయకుండా వట్టి 128 జీబీ అని వదిలేస్తే, కొనేముందు తప్పకుండా అడగండి.

ప్రాసెసర్ లైనులో రెండింటికీ 8 కోర్లు, 2.2 గిగాహెర్ట్జ్ అనే ఉంది. కానీ ఆ వేగం అందుకునేవి రెండేసి పెద్ద కోర్లే, మిగతా ఆరూ చిన్నవి. పెద్ద కోర్ల పేర్లు చూస్తే మొదటిదాంట్లో Cortex-A76, రెండోదాంట్లో Cortex-A78. గిగాహెర్ట్జ్ ఒకటే అయినా కొత్త తరం కోరు అదే సమయంలో ఎక్కువ పని చేస్తుంది. తేడా భారీగా ఉండదు, కానీ ఉంటుంది.

తెరలు రెండూ 6.7 అంగుళాలు, 120 హెర్ట్జ్. మొదటిది 720×1600, అంటే అంగుళానికి సుమారు 262 పిక్సెళ్లు. రెండోది 1080×2400, సుమారు 393. చిన్నక్షరాలు ఎక్కువగా చదివేవాళ్లకు ఈ తేడా వెంటనే కనిపిస్తుంది. వెలుగు విషయంలో పీక్ అని రాసిన నిట్స్ తెరలో చిన్న భాగానికే వర్తిస్తాయి. ఎండలో తెర మొత్తం వెలుగు పెంచే మోడ్‌ని HBM అంటారు, బయట చూడటానికి ఆ పేరుతో రాసిన అంకెను పోల్చుకోండి.

బ్యాటరీలో మాత్రం మొదటిదే గెలుస్తుంది. 6000 నిజంగానే ఎక్కువ, తెరలో పిక్సెళ్లు తక్కువ కాబట్టి ఖర్చూ కొంత తగ్గుతుంది. కాల్స్, మెసేజ్‌లు, పాటలతో సరిపెట్టుకుని, చార్జింగ్ ఎక్కువసేపు నిలవాలనుకునేవాళ్లకు మొదటి ఫోన్ చాలు. మిగతావాళ్లకు రెండోదే మేలని నా అభిప్రాయం. చార్జింగ్ వాట్లు చూసినప్పుడు డబ్బాలో ఏముందో చెప్పే లైను కూడా చదవండి, ఫోన్ తీసుకోగల వాట్లన్నీ ఇచ్చే చార్జర్ అందులో ఉండకపోవచ్చు, అసలు చార్జరే ఉండకపోవచ్చు.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది ఈ రెండు షీట్లలోనూ లేదు. అది కంపెనీ సైట్‌లో విడిగా వెతకాలి. రెండో ఫోన్‌కి ఆ గడువు బాగా తక్కువని తేలితే, నాలుగేళ్లు వాడదామనుకునేవాళ్లు మళ్లీ ఆలోచించుకోవాల్సిందే.