రెండు సీజన్లు వాడాక మా కార్టూన్ సిరీస్ బైబిల్ గురించి

అయిదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం చెరువు గట్టు మీద జరిగే ఒక కార్టూన్ సిరీస్‌కు కథలు రాస్తున్నాను. ఒక్కో భాగం పదకొండు నిమిషాలు, సీజన్‌కు 52 భాగాలు. ముఖ్య పాత్రలు మూడు: చింకి అనే ఉడుత, గెంతులు అనే కప్ప, నిదానం అనే తాబేలు. పాత్రలు ఎలాంటివో, కథ ఎలా నడవాలో, ఏ స్థలాలు వాడాలో రాసి పెట్టుకునే పుస్తకాన్ని సిరీస్ బైబిల్ అంటారు. రచయితలందరం దాన్నే దగ్గర పెట్టుకుని రాస్తాం. రెండు సీజన్లు వాడాక, అందులో ఏ పేజీలు నిజంగా పనికొచ్చాయో ఇప్పుడు చెప్పగలను.

మొదట మా చేతికి వచ్చింది ఛానెల్‌కు చూపించడానికి తయారుచేసిన పుస్తకం. నిండా రంగుల బొమ్మలు, పాత్రల పుట్టుపూర్వోత్తరాలు. సిరీస్‌ను అమ్మడానికి అది చాలు, రాయడానికి చాలదు. నిదానం పేజీలో ‘నెమ్మదస్తుడు, తెలివైనవాడు, మంచివాడు’ అని ఉండేది. ఆ మాటలు పట్టుకుని రాసిన ప్రతి కథలోనూ ఆ తాబేలు చివర్లో వచ్చి నీతి చెప్పి వెళ్లేది. పేరు మూసేసి సంభాషణ చదివితే అది ఎవరి మాటో తెలిసేది కాదు. పాత్ర పేజీ పనిచేయడం లేదని పట్టుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష ఇదే.

తర్వాత మా ప్రధాన రచయిత్రి ఆ పేజీని ఇలా తిరగరాశారు: ‘నిదానం ఏ పనికైనా ముందు మూడు ప్రశ్నలు అడుగుతాడు. రెండో ప్రశ్న ఎప్పుడూ సరైనదే. మూడోది అడిగేసరికి సమయం మించిపోతుంది.’ అక్కడి నుంచి కథలు వాటంతటవే పుట్టుకొచ్చాయి. ఉదాహరణకు గాలిపటం కథ. చింకి గాలిపటం నీళ్లలో పడి తూము వైపు కొట్టుకుపోతోంది. గెంతులు ఆలోచించకుండా గెంతుతాడు, ఆ అలకు గాలిపటం ఇంకా దూరం పోతుంది. ‘గాలి ఎటు వీస్తోంది?’ అని నిదానం అడిగిన రెండో ప్రశ్నలోనే పరిష్కారం ఉంది. కానీ చింకి వినిపించుకోదు, అతను మూడో ప్రశ్న ఎత్తుకుంటాడు. ముగ్గురి స్వభావాలే చిక్కును పెంచుతాయి, అందుకే బయటి నుంచి విలన్‌ను తెచ్చే అవసరం రాలేదు.

కథ నడక పేజీ కూడా బాగుంది. మొదటి నిమిషంన్నరలో ఎవరికి ఏం కావాలో, ఏది అడ్డమో తేలిపోవాలి. నాలుగో నిమిషానికి మొదటి ప్రయత్నం బెడిసికొట్టాలి, ఏడో నిమిషానికి రెండోది పరిస్థితిని ఇంకా దిగజార్చాలి. ఎనిమిదో నిమిషంలో దారి దొరకాలి, అదీ పిల్ల పాత్రకే తట్టాలి. కొంగ తాత సాయం చేయవచ్చు గాని పరిష్కారం చెప్పకూడదు. గాలిపటం కథలో మొదటి ప్రతి సరిగ్గా ఇక్కడే తప్పింది: తాత ఎగిరి వెళ్లి ముక్కుతో పట్టుకొచ్చాడు. మార్చిన ప్రతిలో నిదానం ప్రశ్న చింకికి గుర్తొస్తుంది, గాలి ఎటు తోస్తుందో చూసి ముందే ఆ ఒడ్డుకు పరుగెత్తి గడకర్రతో అందుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఆదా చేసింది స్థలాల పేజీ. చెరువు గట్టు, మర్రిచెట్టు, తూము, పాడుబడ్డ ఎడ్లబండి, ఇవి నాలుగే. ఏ చోటికి ఏ వేళ బొమ్మ సిద్ధంగా ఉందో కూడా అందులో రాశారు. మర్రిచెట్టుకు పగలు, సాయంత్రం ఉన్నాయి, రాత్రి లేదు. రచయిత ‘రాత్రి, మర్రిచెట్టు కింద’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, నేపథ్య చిత్రాలన్నిటికీ రంగులు మళ్లీ వేయాలి, పాత్రల రంగులు కూడా వాటికి తగ్గట్టు మార్చాలి. పాత్రకు కొత్త చొక్కా తొడిగినా అంతే పని, ఎందుకంటే కదిలించే బొమ్మను ఆ చొక్కాతో మళ్లీ కట్టాలి. కొత్త రచయితలకు నేను ముందుగా చదివించేది ఈ పేజీనే.

స్వరం పేజీ మాత్రం సగమే పనికొచ్చింది. ‘సరదాగా, ఆప్యాయంగా ఉండాలి’ అన్న వాక్యం ఎవరికీ దారి చూపదు. కింద ఉన్న నిషేధాలు చూపుతాయి: ఒకరి రూపం మీద నవ్వు పుట్టించకూడదు, చూసే పిల్లలు ఇంట్లో అనుకరించి దెబ్బ తగిలించుకునే పని చూపకూడదు. చెరువు కథలకు ఈ రెండోది చాలా కీలకం. కప్ప నీళ్లలో దూకవచ్చు, ఈత రాని ఉడుత దూకకూడదు. చింకి చేతికి గడకర్ర వచ్చింది అందుకే, అదీ ఒడ్డున కూర్చునే అందుకోవాలి.

లోటు ఒకటుంది. రెండో సీజన్‌లో గెంతులుకు గొంతు ఇచ్చిన కళాకారిణి మాట చివర చిన్న ఎక్కిలి కలిపారు. పిల్లలకు అది బాగా నచ్చింది, బైబిల్‌లో మాత్రం ఎక్కలేదు. దాంతో కొన్ని కథల్లో ఎక్కిలి ఉంది, కొన్నిటిలో లేదు. వాడేసిన పరిష్కారాల జాబితా కూడా లేకపోవడంతో, తాడు కట్టి లాగడం తరచూ తిరిగొచ్చింది. ప్రతి పది కథలకొకసారి ఒకరు కూర్చుని ఈ రెండూ చేర్చితే మూడో సీజన్‌కు కూడా నేను ఇదే బైబిల్‌ను కోరుకుంటాను.