సుకన్య ఖాతాకు నేను రాసుకున్న షీటు: తొమ్మిదేళ్లు వాడాక

2016 ఏప్రిల్ 4న మా అమ్మాయి పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాను. అప్పటికి దానికి మూడేళ్లు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఒక కాలిక్యులేటర్ తెరిచి ఏడాదికి 50,000, వడ్డీ 8.6 శాతం అని కొట్టాను. ఖాతాకు 21 ఏళ్లు నిండే 2037లో 25 లక్షల 35 వేలు వస్తాయని చూపించింది. మా ఆవిడకి చెప్పాను, మా అమ్మకి చెప్పాను, ఆఫీసులో కూడా ఇద్దరికి చెప్పాను.

నా కోపమంతా ఆ కాలిక్యులేటర్‌లో వడ్డీకి ఉన్న ఒకే ఒక్క గడి మీద. ఈ పథకం రేటును ఆ ఏప్రిల్ నుంచే ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటించడం మొదలుపెట్టింది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లాగా వేసిన రోజు రేటు చివరిదాకా ఉండదు. కొత్త రేటు వస్తే ఖాతాలో ఉన్న మొత్తం సొమ్ముకీ అదే వర్తిస్తుంది. అలాంటిదానికి 21 ఏళ్లపాటు ఒకే రేటు అనుకుని లెక్క కడితే దాన్ని అంచనా అనాలో ఆశ అనాలో. ఏటా ఏప్రిల్‌లో తు.చ. తప్పకుండా 50,000 కడతానని కూడా అదే అనేసుకుంటుంది.

అందుకే సొంతంగా షీటు రాసుకున్నాను. ఏడాదికో వరుస: ఏడాది మొదట్లో ఉన్న నిల్వ, ఆ ఏడాది నిజంగా కట్టింది, నాలుగు త్రైమాసికాల రేట్ల సగటు, వడ్డీ, ముగింపు నిల్వ. సగటు ఎందుకు పనికొస్తుందంటే, వడ్డీని నెలనెలా లెక్కించినా ఖాతాలో వేసేది మార్చి 31న ఒక్కసారే. ఏడాది లోపల వడ్డీ మీద వడ్డీ ఉండదు. 2017-18నే చూడండి. మొదటి మూడు నెలలు 8.4, తర్వాత ఆరు నెలలు 8.3, చివరి మూడు నెలలు 8.1. సగటు 8.275. మొదట్లో ఉన్న 54,275కి కట్టిన 50,000 కలిపి 8.275 శాతం వేస్తే వడ్డీ 8,629. పాస్‌బుక్‌లోనూ అంతే పడింది. ఆ రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. సగటు రేటు వేస్తే రూపాయి కూడా తప్పదని ఆ తర్వాత చాలామందికి ఢంకా బజాయించి చెప్పాను.

అది పూర్తిగా నిజం కాదని 2021లో తెలిసింది. అంతకుముందు ఏడాది కరోనాలో జీతం సగమైంది. ఏప్రిల్‌లో కట్టలేక జనవరి మొదట్లో పదివేలు మాత్రం వేశాను. షీటు దాన్ని కూడా ఏప్రిల్‌లోనే కట్టినట్టు భావించి 570 రూపాయలు ఎక్కువ చూపించింది. తప్పు వెంటనే దొరికింది కాబట్టి ఎన్ని నెలలకు వడ్డీ వస్తుందో రాయడానికి ఒక గడి చేర్చాను:

```
=ROUND((B2*D2 + C2*D2*F2/12)/100, 0)
```

ఇందులో B నిల్వ, C కట్టింది, D సగటు రేటు, F నెలల సంఖ్య. ఏడాది మధ్యలో రేటు మారి, మనమూ మధ్యలోనే కడితే ఇదీ సరిపోదు, నెలవారీగా వేసుకోవాల్సిందే. నాకు ఆ అవసరం రాలేదు, 2020-21 ఏడాదంతా రేటు 7.6 దగ్గరే ఉంది.

నన్ను నిజంగా తిప్పలు పెట్టింది ఆ మరుసటి ఏడాది. నిల్వ 2,74,349, ఏప్రిల్‌లో 50,000 కట్టాను, రేటు 7.6. షీటు 24,651 వడ్డీ అంది. పాస్‌బుక్‌లో 24,334 ఉంది. తేడా 317. మొదట బ్యాంకుదే పొరపాటనుకున్నాను. కౌంటర్లో కుర్రాడు చాలా మర్యాదగా, "సిస్టమ్ లెక్కండీ సార్, అందులో తప్పుండదు" అన్నాడు. ఒళ్లు మండింది. ఇంటికొచ్చి రెండు రాత్రులు షీటుతో కుస్తీ పట్టాను. రేటు సరిగ్గానే ఉంది, నిల్వా సరిపోయింది. చివరికి 317ని 50,000తో భాగించి, 12తో హెచ్చిస్తే 7.6 శాతం వచ్చింది. అంటే సరిగ్గా ఒక నెల వడ్డీ! అప్పుడు పాస్‌బుక్‌లో తేదీ చూశాను: ఏప్రిల్ 7.

నేను చెక్కు ఇచ్చింది 3న. కానీ చెక్కు సొమ్ము చేతికొచ్చిన రోజునే జమ తేదీగా తీసుకుంటారు. ఇక నెల వడ్డీకి లెక్కలోకి వచ్చేది 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ. కాబట్టి ఆ యాభైవేలకు ఏప్రిల్ వడ్డీ గోవిందా. కుర్రాడు చెప్పిందే రైటు. అప్పట్నుంచి చెక్కు మానేశాను, షీటులో జమ తేదీకి కూడా ఒక గడి పెట్టాను. ఆ 317 ఇప్పుడున్న రేటు మీద పెరుగుతూ పోతే 2037కి వెయ్యి రూపాయల పైచిలుకు అవుతుంది. పోతే పోయింది, రెండు రాత్రుల నిద్రకంటే చవకే.

అసలు ఆశ్చర్యం ఈ ఏడాది. 2025 మార్చి 31కి నిల్వ 6,14,079. ఇక మీద ఆరేళ్లు 50,000 చొప్పున కట్టి, ఆ తర్వాత ఆరేళ్లు ఏమీ కట్టకుండా వదిలేస్తే, రేటు ఇప్పటి 8.2 దగ్గరే ఆగితే 2037లో 22 లక్షల 21 వేలు. 7.6కి పడిపోతే 20 లక్షల 85 వేలు. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో మొదటి నుంచీ 8.2 అని వేస్తే 23 లక్షల 94 వేలు చూపిస్తోంది. నా 22.21కీ దానికీ ఉన్న లక్షా 73 వేల తేడా అంతా ఆ 7.6 శాతం రోజుల పాపమే అనుకున్నాను. 2020 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా, మూడేళ్లు అది కదల్లేదు మరి.

కరోనా ఏడాది కూడా పూర్తిగా కట్టినట్టు, తేదీలూ సరిగ్గా ఉన్నట్టు మార్చి చూశాను. 23 లక్షల 74 వేలు వచ్చింది. అంటే రేట్ల ఎగుడుదిగుళ్ల వల్ల పోయింది ఇరవై వేలే. మొదటి నాలుగేళ్ల 8.3, 8.5 లాంటివి తర్వాతి మూడేళ్ల లోటును చాలావరకు పూడ్చేశాయి. మిగతా లక్షా యాభైవేల పైన అంతా నేను కట్టని నలభైవేలు, ఆలస్యంగా వేసిన పదివేలే. రేటును తొమ్మిదేళ్లు తిట్టుకున్నాను.

అయితే మొదట్లో చెప్పుకున్న పాతిక లక్షల సంగతి వేరు. 8.6 చివరిదాకా ఉంటుందని నమ్మినందుకు పోయిన తేడా రేటుదే, అది దాదాపు లక్షా 60 వేలు.

ఇంత చెప్పినా ఈ షీటు అందరికీ కావాలా అంటే, ఏమో. ఏటా ఏప్రిల్ 5 లోపు ఒకే మొత్తం కట్టేవాళ్లకు మామూలు కాలిక్యులేటర్ పెద్దగా దారి తప్పించదు. నెలనెలా కొంచెం కొంచెం కట్టేవాళ్లకు నా సూత్రం అసలు పనికిరాదు. ఇక మా ఇంట్లో సంగతే తీసుకుంటే, 2031కి అమ్మాయికి 18 నిండుతాయి. చదువుకని అంతకుముందు ఏడాది ముగింపు నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. అప్పటికి నిల్వ సుమారు 13 లక్షల 84 వేలు కావాలి. సగం తీసేస్తే 2037 అంకె పదకొండు లక్షల దగ్గరికి వచ్చేస్తుంది. ఇంజనీరింగా, ఇంకేదైనానా అని అడిగితే "చూద్దాంలే నాన్నా" అంటోంది. ఆ వరుసను ప్రస్తుతానికి ఖాళీగా వదిలేశాను.