డార్మెంట్ ఖాతా ఫారం సరిచూసే పద్ధతి: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

ముందు ఫారం, తర్వాత పత్రాలు, చివర సంతకం. రెండేళ్లకు పైగా వాడక డార్మెంట్ అయిన ఖాతాను మళ్లీ తెరిచే కాగితాలను బ్యాంకు శాఖల్లో ఈ వరుసలోనే చూస్తారు. ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు తెలుగు ఖాతాదార్ల విషయంలో మాత్రం దీన్ని తిరగేయాలి. స్క్రీన్ మీది పాత సంతకం ముందు చూస్తే సగం చిక్కులు మొదటి నిమిషంలోనే బయటపడతాయి.

ఒక ఉదాహరణ. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో పేరు 'కె. పార్వతి', సంతకం తెలుగులో. ఇప్పుడు ఆధార్‌లో 'పార్వతి పాత్రో'. ఆవిడ ఒడియాలో సంతకం చేస్తున్నారు. ఇక్కడున్నవి రెండు వేర్వేరు తేడాలు. పేరు మార్పుకి ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం గానీ గెజిట్ ప్రకటన గానీ జతచేయాలి. దాంతో సంతకం తేడా తీరదు. అధికారి ఎదుట పాత తెలుగు సంతకం ఒకసారి, కొత్తది ఒకసారి పెట్టించి, సంతకం మార్పుకి విడిగా దరఖాస్తు తీసుకోవాలి. పాత సంతకం గుర్తు లేదంటే స్క్రీన్ తిప్పి చూపించకూడదు. చూసి గీసిన సంతకంతో దేన్ని రుజువు చేస్తాం? అప్పుడు ఖాతాలోని ఫోటో, ఆధార్ వేలిముద్రలతో మనిషిని నిర్ధారించుకుని, కొత్త నమూనా తీసుకోవాలి.

సంతకం పోల్చేటప్పుడు అక్షరాల ఆకారం కంటే కలం నడక చూడండి. ఎక్కడ మొదలైంది, తలకట్టు ఒకే ఊపులో పడిందా, అక్షరాలు ఎక్కడ కలిశాయి. ముసలివాళ్ల చేతి వణుకు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. చూసి గీసినదైతే గీత మధ్యలో ఆగి, ఆగినచోట సిరా చుక్క కడుతుంది.

జిరాక్సుల దగ్గర తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఎప్పుడో సంతకం పెట్టిన కాపీనే మళ్లీ జిరాక్స్ తీసి ఇస్తారు. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే బాల్‌పెన్ ఒత్తిడి తగలదు. దాని మీద కొత్తగా సంతకం పెట్టించుకోవాల్సిందే.

ఉమ్మడి ఖాతా ఫారంలో చాలా బ్యాంకులు అందరి సంతకాలూ అడుగుతాయి, 'ఎవరైనా ఒకరు' తీసుకునే ఖాతా అయినా సరే. చివరి లావాదేవీ గడిలో చాలామంది వడ్డీ పడిన తేదీ రాస్తారు. అది లెక్కలోకి రాదు. ఖాతాదారు తానుగా చేసిన లావాదేవీ తేదీయే రాయాలి, రెండేళ్ల లెక్క అక్కడి నుంచే.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది, లోపాలను ఒక్కొక్కటిగా చెప్పి మనిషిని మళ్లీ మళ్లీ తిప్పడం. గుణుపురం అవతలి పల్లె నుంచి వచ్చేవాళ్లకి ప్రతి రాకా ఒక రోజు కూలి. లోపాలన్నీ ఒకే చీటీ మీద రాసివ్వాలి. దరఖాస్తు పూర్తిగా అందాక మూడు పనిదినాల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు 2024 నిబంధన, ఖాతా తెరిచినందుకు రుసుము కూడా లేదు.