సాఫ్ట్‌వేర్ జల్లెడ, రిక్రూటర్ తొలి చూపు: రెజ్యూమెను ఎవరి కోసం దిద్దితే మేలు?

దరఖాస్తుకు జవాబు రాకపోతే "ఏటీఎస్ రిజెక్ట్ చేసింది" అనేస్తాం. చాలాసార్లు జరిగేది అది కాదు. ఏటీఎస్, అంటే కంపెనీలు వాడే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్ అనే సాఫ్ట్‌వేర్, ప్రధానంగా దరఖాస్తులను భద్రపరిచి, అడిగినప్పుడు వెతికిపెట్టే డేటాబేస్. అది దానంతటదే పక్కన పెట్టేది ఎక్కువగా ఫారంలో మనం టిక్ పెట్టిన జవాబులను బట్టే: కనీస అనుభవం ఉందా, ఆ ఊళ్లో పనిచేస్తారా, ఎన్ని రోజుల్లో చేరగలరు. మిగతా నష్టమంతా వెతుకులాటలో కనిపించకపోవడం వల్ల, లేదా కనిపించీ రిక్రూటర్ కంటికి ఆనకపోవడం వల్ల జరుగుతుంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేర్వేరే.

హైదరాబాద్‌లో నాలుగేళ్ల అనుభవం ఉన్న ఒక జావా డెవలపర్ రెజ్యూమె తీసుకుందాం. రెండు కాలమ్‌ల టెంప్లేట్. ఎడమ పక్క ఫొటో, స్కిల్స్‌కు చుక్కల రేటింగ్. కుడి పక్క ఉద్యోగాలు. ఫోన్ నంబరు పేజీ హెడర్‌లో ఉంది.

సాఫ్ట్‌వేర్‌కు ఈ అందమేమీ కనిపించదు. ఫైల్లోంచి అక్షరాలను మాత్రమే లాగి పేరు, కంపెనీ, తేదీలు అనే గడుల్లో నింపుతుంది. రెండు కాలమ్‌లను అడ్డంగా ఒకే వరుసగా చదివితే "Kafka" అనే స్కిల్ వెళ్లి కంపెనీ పేరుకు అతుక్కుంటుంది. ఇలా అక్షరాలను లాగే పార్సర్లలో కొన్ని హెడర్‌ను వదిలేస్తాయి, దాంతో ఫోన్ నంబరు గడి ఖాళీ. ఐదింటికి నాలుగు చుక్కలంటే దానికి అర్థమే లేదు. తర్వాత రిక్రూటర్ ఇలా వెతుకుతారు:

```
java AND "spring boot" AND (kafka OR rabbitmq)
```

రెజ్యూమెలో "స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్స్" అని మాత్రమే ఉంటే, కచ్చితమైన పదాన్నే చూసే ఇలాంటి వెతుకులాటలో ఆ అభ్యర్థి కనిపించడు, పని వచ్చినా సరే. అందుకే ఉద్యోగ ప్రకటనలో మాట ఎలా ఉందో అలాగే రాయాలి.

నౌక్రీలో ఇంకో మెలిక ఉంది. నోటీస్ పీరియడ్, జీతం, ఊరు వంటి ఫిల్టర్లు పనిచేసేది ప్రొఫైల్‌లో మనం నింపిన వివరాల మీద. రాజీనామా ఇచ్చి ఇంకా 20 రోజులే మిగిలి ఉన్నా, ప్రొఫైల్‌లో మూడు నెలలని అలాగే ఉంటే, నెలలోపు చేరేవాళ్ల కోసం వెతికే రిక్రూటర్‌కు ఆ పేరు రాదు. రెజ్యూమె ఎంత దిద్దినా ఈ తప్పు పోదు.

ఇక మనిషి. అమెరికాలోని ల్యాడర్స్ సంస్థ కంటి కదలికలను గమనించి 2018లో తేల్చిన సగటు తొలి చూపు 7.4 సెకన్లు. అంతలో చదవడం కుదరదు, వెతకడమే. కళ్లు ప్రస్తుత హోదా మీద, కంపెనీ మీద, తేదీల మీద వాలతాయి. ఆ తర్వాతే అంతకుముందు ఉద్యోగం, చదువు. కింది పాయింట్లలో మొదటి రెండు మూడు మాటలు అందితే అదృష్టమే.

మన డెవలపర్ హోదా "సిస్టమ్స్ ఇంజనీర్". కంపెనీ ఇచ్చిన పేరు అదే, కానీ చూసేవారికి జావా అని తట్టదు. హోదా మార్చి రాయకూడదు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పట్టుబడుతుంది. దాని పక్కనే గీత పెట్టి చేసే పని రాస్తే చాలు:

```
Systems Engineer | Java Backend
Jul 2021 – Present
```

తేదీల్లో నెల ఉండాలి. "2020 – 2021" అంటే రెండు నెలలూ కావచ్చు, రెండేళ్లూ కావచ్చు. ఆ అనుమానం తీర్చుకోవడానికి రిక్రూటర్ ఆగరు. పైన ఐదు లైన్ల కెరీర్ ఆబ్జెక్టివ్ ఉంటే అసలు ఉద్యోగం మొదటి చూపు దాటి కిందికి జారిపోతుంది. దాన్ని తీసేయడమే మంచిది.

రెండింటికీ పొత్తు కుదరని చోటు స్కిల్స్ జాబితా ఒక్కటే. ముప్ఫై పేర్లు పెడితే వెతుకులాటలో దొరుకుతాం, కానీ మనిషి అన్నిటినీ ఒకేలా దాటేస్తారు. ప్రకటన అడిగినవాటిలో నిజంగా వచ్చిన ఎనిమిది, పది పైన ఉంచి, వాటిలో ముఖ్యమైనవి ఉద్యోగం పాయింట్లలో పనితో సహా మళ్లీ రావాలి. తెల్ల అక్షరాలతో కీవర్డ్‌లు దాచడం మాత్రం వద్దు. లాగిన టెక్స్ట్‌లో అవి మామూలు అక్షరాల్లాగే బయటపడతాయి, అక్కడితో నమ్మకం పోతుంది.

మా లెక్కలో సాఫ్ట్‌వేర్ కోసం చేసేది ఒక్కసారి పని: ఒకే కాలమ్, హెడర్‌లో ఏమీ లేకుండా, అక్షరాలు సెలెక్ట్ అయ్యే పీడీఎఫ్. అందులో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే వరుస చెదిరిందో లేదో తెలిసిపోతుంది. మిగతా సమయమంతా మనిషి చూపుకే, అంటే పేజీ పై మూడో వంతుకే ఇవ్వడం మేలు. అది ప్రతి దరఖాస్తుకూ మారాలి. ఆ భాగాన్ని పరీక్షించాలంటే, మీ పని గురించి తెలియని ఒకరికి రెజ్యూమెను ఏడు సెకన్లు చూపించి మూసేయండి. ఏ పని చేస్తారో, ఎక్కడ చేస్తున్నారో, ఎన్నాళ్లుగా చేస్తున్నారో అడగండి. వారు చెప్పలేకపోయినదాన్ని పైకి తీసుకురండి.