బరంపురంలో మానిటర్ కొనబోతున్నారా? ముందు అది ఏ మోడ్‌లో ఉందో చూడండి

పర్లాకిమిడిలో మాది ఫోటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లు, తెలుగులోనూ ఒడియాలోనూ శుభలేఖలు చేస్తాం. ఈమధ్య బరంపురం వెళ్లి 24 అంగుళాల మానిటర్ కొన్నాను. దాని మీద ఎడిట్ చేసిన 40 పేజీల ఆల్బమ్‌ని సొంత ఖర్చుతో మళ్లీ ప్రింట్ వేయించాల్సి వచ్చింది. మనవాళ్లు ఇంకెవరూ ఇలా నష్టపోకూడదని రాస్తున్నాను.

షాపులో మానిటర్లు వరసగా పెట్టారు. ఒకదానిలో మాత్రం నెమలి నీలం, అడవి పచ్చదనం ధగధగలాడుతున్నాయి. "దీని ప్యానెలే వేరు బాబూ, రెండు వేలు ఎక్కువైనా ఇదే తీసుకోండి" అన్నాడు షాపాయన. తీసుకున్నాను. ఇంట్లో పెట్టి చూస్తే అంత కళ లేదు. ఫోన్ చేస్తే "మెనూలో మూవీ మోడ్ పెట్టండి" అన్నాడు. పెట్టగానే షాపులో చూసిన బొమ్మే వచ్చింది. అలాగే పని మొదలుపెట్టేశాను.

పెళ్లికూతురి పసుపు చీర స్క్రీన్ మీద మరీ గాఢంగా కనబడుతోందని రంగు తగ్గించాను. రాత్రి మండపం ఫోటోలు వెలుగు ఎక్కువగా ఉన్నాయని కాస్త చీకటి చేశాను. ఆల్బమ్ వచ్చాక చూస్తే చీర వెలిసిపోయి ఉంది, మండపంలో మొహాలు నల్లబడిపోయాయి. ఫోటోల్లో లేని తప్పుల్ని మానిటర్ చూపిస్తే, నేను వాటిని దిద్దుతూ కూర్చున్నానన్నమాట.

మూవీ మోడ్‌లో సాధారణంగా రంగుల గాఢత, షార్ప్‌నెస్ పెంచుతారు, తెలుపు ఛాయ మారుస్తారు. చాలా మానిటర్లలో డైనమిక్ కాంట్రాస్ట్ కూడా ఆన్ అవుతుంది. ఫోటో పనికి అసలు చేటు దీనివల్లే. బొమ్మ చీకటిగా ఉంటే వెనకనున్న లైటు దానంతటదే తగ్గుతుంది, తెల్లగా ఉంటే పెరుగుతుంది. అందుకే ఒకే ఫోటో నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఒకలా, తెల్లటి పేజీ మీద ఇంకోలా కనబడుతుంది. కనిపెట్టడం తేలిక. స్క్రీనంతా నల్లటి బొమ్మ పెట్టి, కాసేపాగి తెల్లటి పేజీ తెరవండి. తెలుపు ఒక్కసారిగా రాకుండా మెల్లగా ఉబ్బుతున్నట్టు వెలుగు పెరిగితే అది ఆన్‌లో ఉన్నట్టే. అట్ట పెట్టె మీద "10,000,000:1" అని వేసే కాంట్రాస్ట్ ఈ లైటు ఆటతో వచ్చిన లెక్క. మామూలు ఐపీఎస్ రకం ప్యానెల్ అసలు కాంట్రాస్ట్ సుమారు 1000:1. ఏ మోడ్ పెట్టినా ప్యానెల్ మారదు.

షార్ప్‌నెస్ ఎక్కువైందో లేదో తెలుగు అక్షరాలే చెబుతాయి. తలకట్టు చుట్టూ సన్నటి తెల్లటి అంచు కనబడిందంటే ఎక్కువైనట్టే. గదిలో లైటు ఆర్పి సినిమా చూసేటప్పుడు మూవీ మోడ్ పెట్టుకోండి, తప్పులేదు. ఫోటో సరిచేసేటప్పుడు మాత్రం వద్దు.

రోజువారీ పనికి స్టాండర్డ్ చాలు. ఫోటోలకు మెనూలో sRGB అనే మోడ్ ఉంటే అదే మేలు, అది రంగుల్ని పెంచకుండా చూపిస్తుంది. కొన్ని మానిటర్లు అందులో బ్రైట్‌నెస్ మార్చనివ్వవు, అప్పుడు స్టాండర్డ్‌కే రండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే బ్రైట్‌నెస్ గదిలో పనికి చాలాసార్లు మరీ ఎక్కువ, ప్రింట్లు నల్లగా రావడానికి అదీ ఒక కారణం. స్క్రీన్ పక్కన తెల్ల కాగితం పట్టుకుని, తెల్లటి పేజీ వెలుగు దానికి దగ్గరయ్యేదాకా తగ్గించండి. నా గదిలో అది 28 దగ్గర కుదిరింది.

రీడింగ్ మోడ్ నీలం, వెలుగు తగ్గిస్తుంది. రాత్రి శుభలేఖ మేటర్ టైప్ చేసేటప్పుడు హాయిగా ఉంటుంది, కానీ అందులో రంగు సంగతి ముట్టుకోవద్దు. దీనికోసం అదనంగా డబ్బు కూడా పెట్టకండి, విండోస్‌లో ఉన్న నైట్ లైట్ దాదాపు ఇదే పని చేస్తుంది. గేమ్ మోడ్ చాలావాటిలో చీకటి మూలలు తేటగా చూపిస్తుంది, పిక్సెళ్లు త్వరగా మారేలా తోస్తుంది. ఆ తోపు ఎక్కువైతే కదిలే వస్తువు వెనక తెల్లటి చార కనబడుతుంది. ఏదేమైనా సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ మానిటర్ ఆ మోడ్ పెట్టినంత మాత్రాన 144 అవదు.

ఆల్బమ్ పట్టుకుని మళ్లీ షాపుకి వెళ్లాను. "బాగానే పనిచేస్తోంది కదా" అని వాపసు తీసుకోలేదు. అప్పుడు పక్కనున్న రెండు వేలు తక్కువ మానిటర్ బటన్ నొక్కి చూశాను. అది రీడింగ్ మోడ్‌లో, బ్రైట్‌నెస్ 30లో ఉంది. రెండింటినీ స్టాండర్డ్‌లో, ఒకే బ్రైట్‌నెస్‌లో పెట్టించాను. ఏది ఖరీదైనదో నా కళ్లకు తేడా తెలియలేదు.

కాబట్టి డబ్బు కట్టేముందు మీరు పోల్చే రెండు మానిటర్లకీ మెనూలో ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. రెండూ స్టాండర్డ్‌లో, ఒకే బ్రైట్‌నెస్‌లో పెట్టించండి. షాపువాళ్ల వీడియో ఆపించి, పెన్‌డ్రైవ్‌లో మీ ఫోటోలు తీసుకెళ్లి చూడండి. ఆ ఫోటోల ప్రింట్లు చేతిలో ఉంటే ఇంకా మంచిది. మెనూ ముట్టుకోవద్దన్న షాపులో కొనకండి.