తెనాలి డాబాపై ఎక్స్‌పీఎస్ బోర్డులు: 2018 నుంచి వాడి చూసిన అనుభవం

తెనాలిలోని మా ఇంటి పై అంతస్తు శ్లాబు మీద 2018 వేసవికి ముందు వేడిని ఆపడానికి 50 మిల్లీమీటర్ల మందం గల ఎక్స్‌పీఎస్ అనే గట్టి పాలీస్టైరీన్ నురగ బోర్డులు పరిపించి, వాటిపై కాంక్రీటు గచ్చు వేయించాము. శ్లాబు మందం ఐదంగుళాలు. డాబా వైశాల్యం 80 చదరపు మీటర్లు. మెట్ల గది పైకప్పును మాత్రం పాత పద్ధతిలోనే వదిలేశాము కాబట్టి, ఒకే ఇంట్లో బోర్డు ఉన్న శ్లాబునూ లేని శ్లాబునూ పక్కపక్కన పోల్చి చూసే అవకాశం ఇన్నేళ్లుగా దొరికింది. ఎండను ఆపే విషయంలో బోర్డులు చెప్పిన మాట నిలబెట్టుకున్నాయి. ఇల్లు ఉరవకుండా ఉండడం మాత్రం బోర్డు నాణ్యత కంటే పొరల వరుస మీద, నీరు బయటికి పోయే దారి మీద ఎక్కువగా ఆధారపడిందని గట్టిగా చెప్పగలను.

ముందుగా వేడి సంగతి. మామూలు ఐదంగుళాల శ్లాబు, దానిపై గచ్చు, కింద ప్లాస్టరింగు కలిపి లెక్కిస్తే, బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 3 వాట్ల వేడి లోపలికి దిగుతుంది. మధ్యలో 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ చేరితే అది 0.53కు పడిపోతుంది, అంటే దాదాపు ఆరో వంతు. అంత నిరోధం కాంక్రీటుతోనే తేవాలంటే రెండున్నర మీటర్ల మందం పోయాలి. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పుకు పెట్టిన గరిష్ఠ పరిమితి 1.2 కాబట్టి, బోర్డు లేని శ్లాబు ఆ పరిమితిని చాలా దూరం దాటిపోతుంది. అనుభవంలో ఈ తేడా ఎక్కువగా తెలిసేది మధ్యాహ్నం కాదు, సాయంత్రం. మే నెలలో పొద్దువాలాక పరారుణ థర్మామీటరుతో చూస్తే మెట్ల గది సీలింగు 43, 44 డిగ్రీల దగ్గర ఉంటుంది. పడకగది సీలింగు గదిలోని గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే ఎక్కువగా ఉంటుంది. పగలంతా తాగిన వేడిని శ్లాబు రాత్రి మంచం మీదికి కక్కడమనే బాధ మాకు తప్పిపోయింది.

దీనికి ఒక పరిమితి ఉంది, దాన్ని ముందే తెలుసుకోవాలి. బోర్డు వేడిని రెండు వైపులా ఆపుతుంది. పడమటి గోడ గుండానో కిటికీల గుండానో లోపలికి చేరిన వేడి రాత్రివేళ పైకప్పు ద్వారా ఆకాశానికి పోవడం కూడా మందగిస్తుంది. అందుచేత చీకటి పడ్డాక ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వకపోతే గది ఉక్కగానే ఉంటుంది. పడమటి గోడకు నీడ లేని ఇంట్లో పైకప్పుకు మాత్రమే ఖర్చు పెట్టి, ఇల్లంతా చల్లబడుతుందని ఆశించడం సరికాదు. ఏసీ వాడే గదిలో మాత్రం ఈ ఇబ్బంది లేదు. చల్లదనం అక్కడే నిలుస్తుంది, కంప్రెసరు ఆగి ఉండే వ్యవధి స్పష్టంగా పెరిగింది.

ఇక పొరల వరుస. మేము ఎంచుకున్నది ఇన్వర్టెడ్ రూఫ్ అనే పద్ధతి. శ్లాబు మీద ముందు వాటం, దానిపై వాటర్‌ప్రూఫింగు, దానిపై బోర్డు, బోర్డుపై జియోటెక్స్‌టైల్ గుడ్డ, అన్నిటికంటే పైన గచ్చు. నీటిని ఆపే పొర బోర్డుకు కింద ఉండడమే ఈ పద్ధతికి ప్రాణం. ఆ పొర ఎండను చూడదు, వేసవిలో కాగి వర్షానికి ఒక్కసారిగా చల్లారే దెబ్బ తినదు, కాలి తొక్కుడు తగలదు. పైన గచ్చు పగిలినా ఇల్లు ఉరవదు. వాటర్‌ప్రూఫింగును బోర్డు పైన వేసే పద్ధతిలో ఆ పొర కింద చల్లని శ్లాబు ఉండదు కనుక వేడి ఎటూ పోలేక పొర మరింత కాగుతుంది. ఒక చోట చిల్లి పడితే నీరు బోర్డుల మధ్య ఎంతో దూరం పాకి మరో గదిలో మరకగా కనబడుతుంది, మూలం పట్టుకోవడం కష్టమవుతుంది.

మా డాబాకు నడుమ పొడవునా గట్టు పెట్టి, రెండు వైపులకూ నాలుగేసి మీటర్ల దూరానికి నూటికి ఒకటి చొప్పున వాటం ఇచ్చారు. అంటే అంచు దగ్గర 25 మిల్లీమీటర్ల మందం ఉంటే నడుమ 65 వచ్చింది. పిట్టగోడ మొదట్లో గుండ్రటి గోలా కట్టి, పాలీయూరిథేన్ పూతను రెండు పొరలుగా వేసి, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు వరకు లాగారు. ఆ పూత పూర్తిగా ఆరాకనే నీళ్లు కట్టి మూడు రోజులు ఉంచి, కింది సీలింగంతా పరిశీలించాము. ఆరడం గురించి నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఇటువంటి పూతల్లోని ద్రావకం ఎక్స్‌పీఎస్‌ను కరిగించేస్తుంది. అలాగే మంటతో కరిగించి అంటించే తారు షీటు పనిని బోర్డులు పైకి తేకముందే ముగించాలి, ఎందుకంటే సుమారు 75 డిగ్రీలు దాటితే బోర్డు మెత్తబడి ఆకారం కోల్పోతుంది.

బోర్డు కొలత 1250కి 600 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు చదరపు మీటరు. 80 చదరపు మీటర్లకు 107 సరిపోవాలి. కోతల తరుగు కలిపి 112 కొన్నాము. అంచులకు మెట్టు ఉన్న రకమే తీసుకోవాలి. చదును అంచుల రకంలో అతుకు వెంబడి సన్నటి సందు మిగిలి, దాని గుండా వేడి దిగుతుంది. పేర్చేటప్పుడు ఇటుక కట్టుబడిలాగా వరుసకూ వరుసకూ అతుకు తప్పించాలి. ప్రతి బోర్డునూ నాలుగు మూలల మీద తొక్కి చూడాలి. ఊగిందంటే కింద వాటం ఎగుడుదిగుడుగా ఉందని అర్థం. పేర్చిన రోజే గచ్చు వేయగలిగినంత మేరకే బోర్డులు విప్పడం మంచిది. ఎండకు వదిలేస్తే పైపొర పసుపెక్కి పొడి రాలుతుంది, గాలికి ఎగురుతాయి, వాన వస్తే తేలిపోతాయి.

తేలడమన్నది చిన్న విషయం కాదు. నీట మునిగిన 50 మిల్లీమీటర్ల బోర్డు చదరపు మీటరుకు సుమారు 48 కిలోల బలంతో పైకి లేస్తుంది. పైనున్న 50 మిల్లీమీటర్ల కాంక్రీటు గచ్చు బరువు అదే వైశాల్యానికి 120 కిలోలు. అందుకే అంగుళం లోపు సిమెంటు ప్లాస్టరుతో సరిపెడతామనే మేస్త్రి మాటను మేము ఒప్పుకోలేదు. బేబీ చిప్స్‌తో ఎం20 కాంక్రీటు పోయించి, మధ్యలో వెల్డ్ మెష్ ఉంచి, మూడేసి మీటర్ల గళ్లుగా విడదీసి, గళ్ల మధ్యా పిట్టగోడ వెంటా సందు వదిలి సీలెంటు నింపించాము. కింద బోర్డు ఉన్న గచ్చు మామూలు గచ్చు కంటే ఎక్కువగా కాగుతుంది. వేడి శ్లాబులోకి దిగే దారి మూసుకుపోవడమే కారణం. కాబట్టి అది పగలు ఎక్కువ సాగి రాత్రి ఎక్కువ ముడుచుకుంటుంది. పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేశాక ఈ సాగుడు తగ్గింది. బోర్డు ఉండగా తెల్ల పూత ఎందుకని అడిగేవారికి నేను చెప్పే ప్రధాన కారణం ఇదే.

తేడా వచ్చిన చోటు ఒకటుంది. మెట్ల గది గోడ పక్కన పనివారు సందు వదలకుండా రెండు గళ్లను కలిపి పోశారు. మూడో వేసవిలో అక్కడ బోర్డు అతుకు మీదుగా గీత గీసినట్టు తిన్నని పగులు వచ్చింది. ఇనుప కడ్డీతో తడితే బోలు శబ్దం వినిపించింది, కాలు వేస్తే సన్నగా కదిలింది. ఆ గడిని మాత్రం కోసి తీయించగా, కింది బోర్డు ఒక మూల గాలిలో ఉన్నట్టు బయటపడింది. పల్లం ఉన్న చోట సన్నటి పాలిమరు మోర్టారుతో చదును చేసి, అదే బోర్డును తిరిగి పెట్టి, సందులు వదిలి గచ్చు పోశారు. బోర్డు తడిసి ఉంది కానీ దాని అంచు కాస్త కోసి చూస్తే లోపల పొడిగానే ఉంది. మూసిన కణాల నిర్మాణం వల్ల ఎక్స్‌పీఎస్ నీటిని దాదాపు పీల్చదనే మాట నా కళ్లతో నిర్ధారించుకున్నాను. వాటర్‌ప్రూఫింగుకు ఏమీ కాలేదు, కింద సీలింగుకు చెమ్మ రాలేదు.

వాన నీటి పైపు మూతి అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు. ఈ పద్ధతిలో నీరు రెండు మట్టాల్లో ప్రవహిస్తుంది. ఎక్కువ భాగం గచ్చు పైనుంచి పోతుంది, సందుల్లో దిగిన కొంత నీరు బోర్డుల కింద వాటర్‌ప్రూఫింగు మీద పారుతుంది. పైపు మూతిని గచ్చు మట్టానికే బిగిస్తే కింది నీటికి దారి లేక అక్కడే నిలిచిపోతుంది. మూతిని వాటర్‌ప్రూఫింగు మట్టానికి దింపి, చుట్టూ చిల్లులున్న జాలీ పెట్టి, దాని చుట్టూ గులకరాళ్లు పోయించడం వల్ల మాకు ఆ సమస్య రాలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కురిసిన వానకు కూడా ఎక్కడా ఉరవలేదు. వాన వెలిసిన మర్నాడు కూడా పైపు నుంచి సన్నగా చుక్కలు పడుతుంటే కంగారు పడనక్కరలేదు, అది బోర్డుల కింది నీరు మెల్లగా బయటికి రావడమే. వారం గడిచినా గచ్చు సందుల వెంట తెల్లటి ఉప్పు, పాచి కనబడితే మాత్రం కింది దారి మూసుకుపోయిందని గ్రహించాలి.

పాలీఐసో అనే మరో రకం నురగ బోర్డు గురించి చాలామంది అడుగుతున్నారు. అదే మందానికి అది ఎక్స్‌పీఎస్ కంటే మెరుగ్గా వేడిని ఆపుతుంది, అమెరికాలో వాణిజ్య భవనాల చదును పైకప్పుల మీద విస్తారంగా వాడతారు. అయితే అక్కడ అది వాటర్‌ప్రూఫింగు పొరకు కింద, పొడిగా ఉంటుంది. తడిస్తే నీరు పట్టి దాని గుణం తగ్గుతుంది కాబట్టి, మేము చేసిన వరుసలో దాన్ని పెట్టకూడదు. గచ్చు కింద తడిలో ఉండవలసినది ఎక్స్‌పీఎస్ లాంటి నీరు పట్టని బోర్డే. థర్మోకోల్ షీటును అదే వస్తువుగా చూపించి తక్కువ ధరకు అమ్మే దుకాణాలు కూడా ఉన్నాయి. విరిచినప్పుడు పూసలు పూసలుగా రాలితే అది థర్మోకోల్.

నీళ్ల ట్యాంకు దిమ్మెలను బోర్డుల మీద కాకుండా బోర్డులు పరచకముందే శ్లాబు మీద, కింద దూలం ఉన్న చోట కట్టించి, వాటర్‌ప్రూఫింగును వాటి చుట్టూ పైకి లాగించాము. సోలార్ పలకల కాళ్లకు కూడా అప్పుడే దిమ్మెలు వేసి ఉంచడం మేలు, తర్వాత డ్రిల్లు పెడితే కింది పొరకు చిల్లి పడుతుంది. ఏటా నైరుతి వానలకు ముందు జాలీ శుభ్రం చేయడం, నాలుగైదేళ్లకు ఒకసారి గళ్ల సందుల్లో ఎండిపోయిన సీలెంటు తీసి కొత్తది నింపడం, తెల్ల పూత మళ్లీ వేయడం తప్ప ఈ పైకప్పు మా నుంచి ఇప్పటివరకు మరే ఖర్చూ అడగలేదు.